క్రిప్టోలో మొత్తం మీద నష్టపోయాను, అయినా 9,360 పన్ను కట్టాలంటున్నారు. ఇదేం లెక్క?

గంటస్తంభం_కుర్రోడు

మాది విజయనగరం, వయసు 24. పైడిభీమవరంలో మందుల కంపెనీలో ఉద్యోగం, జీతం ఏడాదికి 4 లక్షల 80 వేలు. పోయిన ఏడాది ఏప్రిల్లో దాచుకున్న 60 వేలు పెట్టి బిట్‌కాయిన్ కొన్నాను. అక్టోబర్లో, సరిగ్గా పైడితల్లమ్మ తొలేళ్ల రోజు, అది 90 వేలు చూపించింది. రూపాయల్లోకి తీయలేదు. ఈథర్ ఇంకా ఎక్కుతుందని ఎవరో చెబితే యాప్‌లోనే బిట్‌కాయిన్ ఇచ్చేసి ఈథర్ తీసుకున్నాను. తీసుకున్న దగ్గర్నుంచి అది దిగడమే. డిసెంబర్ ఆఖర్లో భయమేసి అమ్మేస్తే 55 వేలు పలికింది, బ్యాంకులో పడింది 54,450.

అంటే 60 పెడితే 54 వచ్చింది. యాప్ ఇచ్చిన ఏడాది రిపోర్టులో కూడా నికరంగా మైనస్ 4,100 అనే ఉంది. కానీ ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో ఏఐఎస్, అంటే మన ఏడాది లావాదేవీల పట్టిక, తెరిచి చూస్తే క్రిప్టో కింద రెండు వరసలు, 90,000 ఒకటి, 55,000 ఒకటి. మొత్తం 1,45,000. నేను సంపాదించినట్టే కనబడుతోంది. రిటర్నులు వేసే స్నేహితుడొకడు చూసి "9,360 పన్ను పడుతుందిరా" అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. 12 లక్షల దాకా పన్ను లేదు కదా? పైగా నాకు వచ్చింది నష్టం కదా? దేనిమీద కట్టాలి?

బొబ్బిలి_బాబ్జీ

డబ్బు బ్యాంకులో పడినప్పుడే లెక్క. అక్టోబర్లో నువ్వు రూపాయి కూడా తీయలేదు, కాబట్టి అది అమ్మకమే కాదు. 60 పెట్టావు, 54 తీశావు, నష్టం. పన్ను లేదు. మీవాడు భయపెడుతున్నాడు.

సిరిమాను_జాతర

పైగా ఒక శాతం అప్పుడే కోసేసుకున్నారు కదా. అదే పన్ను. నేను మూడేళ్లుగా అంతే అనుకుంటున్నాను, ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.

లెక్కల_రమణి

శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్లుగా జూలై వచ్చిందంటే ఇదే ఏడుపుతో వచ్చే కుర్రాళ్లని చూస్తున్నాను. తమ్ముడూ, మీ స్నేహితుడు చెప్పిన లెక్క కరెక్టు. బాబ్జీ గారూ, మీరు చెప్పింది తప్పు, కానీ చాలామంది పడే తప్పే.

ఆదాయపు పన్ను చట్టంలో బదిలీ అంటే డబ్బు చేతికి రావడం కాదు. అమ్మకం ఎంతో, ఒకటిచ్చి ఇంకోటి తీసుకోవడం కూడా అంతే. క్రిప్టో కోసం 2022లో పెట్టిన 115బీబీహెచ్ సెక్షన్ కూడా ఆ అర్థాన్నే తీసుకుంది. అంటే తొలేళ్ల రోజున మీరు బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ తీసుకున్నప్పుడే బిట్‌కాయిన్ 90 వేలకి అమ్మినట్టు. 60కి కొని 90కి అమ్మారు, 30 వేలు లాభం. ఆ కథ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత ఈథర్ అనే వేరే కథ మొదలయింది, అది నష్టంలో ముగిసింది.

ఈ సెక్షన్ ఈ రెండు కథల్ని కలపనివ్వదు. లాభం వచ్చిన ప్రతి అమ్మకానికీ 30 శాతం. నష్టం వచ్చిన అమ్మకం సున్నా. దాన్ని పక్క కాయిన్ లాభంలోంచి తీయకూడదు, జీతంలోంచి తీయకూడదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లకూడదు.

30 వేల మీద 30 శాతం 9,000, దాని మీద 4 శాతం సెస్ 360. మొత్తం 9,360.

బొబ్బిలి_బాబ్జీ

అంటే నష్టపోయినోడి దగ్గర కూడా గుంజుతారా? నమ్మలేకపోతున్నాను అక్కా. వేరు వేరు కాయిన్లు కాబట్టి అలా అంటున్నారేమో. రెండూ బిట్‌కాయినే అయితే?

లెక్కల_రమణి

రెండూ బిట్‌కాయినే అయినా అంతే. ఏప్రిల్లో కొన్నది లాభానికి, జూన్లో కొన్నది నష్టానికి అమ్మితే లాభం మీద మాత్రమే పన్ను.

2022 బడ్జెట్ బిల్లు మొదట వచ్చినప్పుడు ఈ నిబంధనలో "ఇతర" అనే మాట ఒకటి ఉండేది. నష్టాన్ని ఇతర నిబంధనల కింది ఆదాయంలోంచి తీయకూడదు అని. దాన్ని పట్టుకుని, అయితే క్రిప్టో నష్టాన్ని క్రిప్టో లాభంలోంచి తీయొచ్చు కదా అని అందరూ అనుకున్నారు. మార్చిలో లోక్‌సభలో బిల్లు పాసయ్యేటప్పుడు సవరణతో ఆ ఒక్క మాటా తీసేశారు. అదే నెలలో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌధరి లిఖిత సమాధానంలో కూడా చెప్పారు, ఒక కాయిన్ నష్టం ఇంకో కాయిన్ లాభంలో సర్దడానికి వీల్లేదని. కాబట్టి ఇందులో వాదించడానికి చోటు లేదు.

పలాస_జీడిపిక్క

ఇదేటండి మరి, అన్యాయం కాదేటి. మాది జీడిపిక్కల వ్యాపారం. ఓ లారీ సరుకులో లాభం వొస్తాది, ఇంకో లారీలో పిక్క పుచ్చిపోయి నష్టం వొస్తాది. ఏడాది ఆఖర్న రెండూ కలిపి మిగిలిందాని మీదే కదా పన్ను కడతాం. లారీకొక లెక్క వేస్తే మా ఊళ్లో ఒక్క బట్టీ కూడా వెలగదు. ఈ కుర్రోడికి మాత్రం లారీకొక లెక్కేటి?

లెక్కల_రమణి

మీ పోలిక సరిగ్గా సరిపోయింది. ఇక్కడ లారీకొక లెక్కే. పైగా మీరు కూలీ, డీజిలు, కరెంటు బిల్లు ఖర్చు కింద రాసుకుంటారు. ఇక్కడ కొన్న ధర తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. ఇంటర్నెట్టు, కంప్యూటరు, అప్పు తెచ్చి కొంటే ఆ వడ్డీ, ఏదీ కాదు. న్యాయమా అంటే నాకూ కాదనే అనిపిస్తుంది. కానీ రిటర్నులో నా అభిప్రాయం రాయడానికి గడి లేదు కదా.

గంటస్తంభం_కుర్రోడు

సరే అక్కా, అర్థమయింది, కడుపు మండుతోంది గానీ అర్థమయింది. మరి 12 లక్షల సంగతి? నా జీతం, ఇది కలిపినా 5 లక్షలకి కొంచెం పైన. టీవీలో 12 లక్షల దాకా సున్నా అన్నారు. ఇంకోటి, కోసిన ఒక శాతం ఏమయింది?

లెక్కల_రమణి

12 లక్షలు అన్నది స్లాబు రేట్ల మీద వేసిన పన్నుకి ఇచ్చే రిబేటు. కొత్త విధానంలో మీ జీతంలోంచి 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 4,05,000. నాలుగు లక్షల దాకా సున్నా, మిగతా 5 వేల మీద 5 శాతం అంటే 250 రూపాయలు. ఆ 250ని రిబేటు మింగేస్తుంది. క్రిప్టో మీద 9,000 ప్రత్యేక రేటు పన్ను కాబట్టి రిబేటు దాన్ని తాకదు. 2025 ఆర్థిక చట్టంలో ఈ మాట స్పష్టంగా రాసేశారు, మీ 2025-26 ఆదాయం నుంచే వర్తిస్తుంది.

ఇక టీడీఎస్. 194ఎస్ కింద అమ్మిన మొత్తం మీద ఒక శాతం, లాభం మీద కాదు. మీ విషయంలో ఇలా జరిగి ఉంటుంది. బిట్‌కాయిన్ 90 వేలకి ఇచ్చినప్పుడు 900 పట్టుకున్నారు. అందుకే మీ చేతికొచ్చిన ఈథర్ 89,100 విలువకే. మీ రిపోర్టులో చూడండి, ఈథర్ కొన్న ధర 89,100 అని ఉంటుంది. డిసెంబర్లో 55 వేలకి అమ్మినప్పుడు 550 పట్టుకుని 54,450 బ్యాంకులో వేశారు. మొత్తం 1,450. అది పోలేదు, మీ పాన్ మీద జమ ఉంది. 9,360లోంచి 1,450 తీస్తే మీరు కట్టాల్సింది 7,910.

సిరిమాను_జాతర గారూ, మీరు అనుకున్నట్టు ఆ ఒక శాతం పన్ను కాదు, అడ్వాన్సు లాంటిది. అసలు దాన్ని పెట్టిందే ఎవరు ఎంతకి అమ్మారో డిపార్టుమెంటుకి తెలియడానికి. మిమ్మల్ని మూడేళ్లుగా అడగలేదంటే తెలియలేదని కాదు.

గంటస్తంభం_కుర్రోడు

ఇప్పుడే రిపోర్టు తీసి చూశాను. 89,100 అనే ఉంది! అది చూసి ఛార్జీలు తీసుకున్నారేమో అనుకున్నాను. అందుకేనా లాభం 30,000, నష్టం 34,100, నికరం మైనస్ 4,100.

లెక్కల_రమణి

అవును, సరిగ్గా అదే. ఆ మైనస్ 4,100 చూసే అందరూ మోసపోతారు. యాప్ లెక్క తప్పు కాదు, మీ జేబు లెక్క అది. పన్ను లెక్క అందులో పై వరస ఒక్కటే చూస్తుంది. మీకు నిజంగా పోయింది 4,100తో ఆగదు, పన్నుతో కలిపి 13,460.

చీపురుపల్లి_మేష్టారు

నేను ఫోన్ యాప్‌లో నెలకి 500 చొప్పున డిజిటల్ గోల్డ్ కొంటున్నాను, మనవరాలి పెళ్లి కోసం. ఇదంతా చదివాక చెమటలు పడుతున్నాయి. దానికి కూడా 30 శాతమా?

లెక్కల_రమణి

కాదు మేష్టారూ, మీరు హాయిగా ఉండండి. యాప్‌లో కొన్నంత మాత్రాన అది క్రిప్టో అయిపోదు. మీ పేరున ఎక్కడో దాచిన బంగారం అది, బంగారం లెక్కే దానికి. గిఫ్ట్ కార్డులు, షాపుల రివార్డు పాయింట్లు కూడా ఈ నిర్వచనంలోకి రావని 2022 జూన్ 30న విడిగా నోటిఫికేషన్ ఇచ్చారు. రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రూపాయి కూడా కరెన్సీయే.

చీపురుపల్లి_మేష్టారు

బతికించావు తల్లీ.

బొబ్బిలి_బాబ్జీ

ఒక ఉపాయం. మా ఇంట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు అమ్మ పేరు మీద వేస్తాం, ఆవిడకి వేరే ఆదాయం లేదు కాబట్టి వడ్డీకి పన్ను పడదు. క్రిప్టో కూడా అమ్మకి బహుమతిగా పంపేసి ఆవిడ ఖాతాలో అమ్మితే? తల్లికి ఇచ్చిన బహుమతికి పన్ను లేదు, ఇది నాకు ఖాయంగా తెలుసు.

లెక్కల_రమణి

సగం కరెక్టు. తల్లికి బహుమతిగా ఇస్తే ఆవిడకి ఆ బహుమతి మీద పన్ను లేదు. తల్లిదండ్రులకిచ్చిన దాని మీద వచ్చే ఆదాయాన్ని మీ ఆదాయంలో కలపరు కూడా. భార్యకిస్తే కలుపుతారు. ఇంతవరకూ సరే.

కానీ డిపాజిట్ వడ్డీ స్లాబులోకి వస్తుంది, అందుకే నాలుగు లక్షల దాకా సున్నా. క్రిప్టో లాభం స్లాబులోకే రాదు. సెక్షన్ రాసిన తీరే అలాంటిది. ముందు క్రిప్టో లాభాన్ని విడదీసి దాని మీద 30 శాతం వేయమంటుంది, మిగతా ఆదాయానికి మాత్రమే మామూలు లెక్క. కాబట్టి ఇంకో పైసా ఆదాయం లేని అమ్మగారికి 20 వేలు లాభం వచ్చినా 6,000, సెస్ 240, మొత్తం 6,240 పడుతుంది. మీకెంతో ఆవిడకీ అంతే. ఇది కాలేజీ కుర్రాళ్లకి కూడా తెలియదు. నాకు ఆదాయమే లేదు, నాకేం పన్ను అనుకుంటారు.

రాజాం_జనపనార

ఏడాది పైన ఉంచి అమ్మితే తగ్గుతుందా? షేర్లకి అలా ఉంది కదా.

లెక్కల_రమణి

తగ్గదు. పదేళ్లు ఉంచినా 30 శాతమే. ఉంచినంత కాలం పన్ను లేదు, ఇచ్చిన రోజున పడుతుంది.

నరసన్నపేట_నాని

నా కథ వేరు. నేను యాప్‌లో కాకుండా ఒక మెసేజి గ్రూపులో పరిచయమైన మనిషి దగ్గర నేరుగా యూఎస్‌డీటీ అనే డాలరు విలువ కాయిన్లు కొన్నాను. నవంబర్లో 70 వేలవి. యూపీఐలో డబ్బు పంపాను, అతను కాయిన్లు పంపాడు. తర్వాత 78 వేలకి ఇంకొకరికి అలాగే నేరుగా అమ్మాను. నా ఏఐఎస్‌లో ఏమీ లేదు. ఎవరూ టీడీఎస్ కోయలేదు. అయితే నేను లోపలున్నట్టా బయటున్నట్టా?

ఇంకో దెబ్బ కూడా తగిలింది. నాకు డబ్బు పంపినవాడు ఎవరినో మోసం చేసి ఆ డబ్బు పంపాడట. సైబర్ ఫిర్యాదు మీద నా బ్యాంకు ఖాతాలో 78 వేలకి తాళం పడింది. రెండు నెలలు తిరిగాను. జీతం పడే ఖాతా అదే. అమ్మకి మందులకి కూడా పక్కింటివాళ్ల దగ్గర అప్పు చేశాను.

పలాస_జీడిపిక్క

అయ్యో బాబూ. ముక్కూ మొహం తెలీనోడికి సరుకిస్తే అంతే మరి. మా దగ్గర కూడా కొత్త బేరగాడికి మొదటి లోడు నగదే.

లెక్కల_రమణి

నానీ, మీ మొదటి ప్రశ్నకి: లోపలే ఉన్నారు. ఏఐఎస్‌లో లేకపోయినా 8 వేలు లాభం లాభమే, 30 శాతం పడుతుంది. ఖాతా మీద తాళం పడినా అది మారదు, అమ్మకం జరిగిపోయింది.

రెండో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. యాప్‌లో అయితే టీడీఎస్ కోసే బాధ్యత ఆ సంస్థది. మధ్యలో సంస్థ లేకుండా కొంటే ఆ బాధ్యత కొన్నవాళ్లది. మీలాంటి జీతగాళ్లకి ఏడాదికి 50 వేల దాకా మినహాయింపు ఉంది, 70 వేలు దాన్ని దాటింది. కాబట్టి మీరు 700 పట్టుకుని 69,300 పంపి, ఆ 700ని అమ్మినవాడి పాన్ మీద 26క్యూఈ అనే ఫారంలో కట్టాలి. పట్టుకున్న నెల అయిపోయాక 30 రోజుల్లోపు. దానికి మీకు టాన్ నంబరు అక్కర్లేదు.

నరసన్నపేట_నాని

అతని పాన్ కాదు కదా, అసలు పేరే నిజమో కాదో తెలియదు.

లెక్కల_రమణి

అందుకే నేరుగా కొనొద్దని మా ఆఫీసుకొచ్చే ప్రతి కుర్రాడికీ చెబుతాను. పాన్ ఇవ్వనివాడి దగ్గర కొంటే ఈ చట్టాన్ని మీరు పాటించడం కుదరదు. ఇప్పటికైతే మీ 8 వేల లాభం రిటర్నులో చూపించండి. అతనికి పంపిన యూపీఐ రసీదు, కాయిన్లు వచ్చిన వాలెట్ రికార్డు, ఆ గ్రూపులో మాటలు, అన్నీ ఫోన్లోంచి తీసి దాచండి. కొన్న ధర 70 వేలని రుజువు లేకపోతే 78 వేలూ లాభం అనే ప్రమాదం ఉంది. ఖాతా తాళం విషయంలో కూడా పోలీసులకి అవే కాగితాలు కావాలి.

ఆమదాలవలస_ప్లాట్‌ఫాం

కుర్రోడికి ఒక దారి ఉంది, ఎవరూ చెప్పడం లేదు. పాత విధానంలో వేసి చూడండి. జీతం 4,80,000లోంచి 50 వేలు తీస్తే 4,30,000. రెండున్నర లక్షల పైన 1,80,000 మీద 5 శాతం అంటే 9,000. క్రిప్టో 9,000. మొత్తం 18,000. ఆదాయం 4,60,000, అంటే 5 లక్షల లోపు కాబట్టి 12,500 రిబేటు. మిగిలింది 5,500, సెస్‌తో 5,720. 9,360 కంటే 3,640 తక్కువ. పీఎఫ్ 80సీ కింద తీస్తే ఇంకా తగ్గుతుంది. నేను మా తమ్ముడికి ఇలాగే వేశాను.

లెక్కల_రమణి

లెక్క బాగానే వేశారు. రిబేటు దగ్గర నాకు పూర్తి ధైర్యం లేదు. చట్టం చదివితే మీరు చెప్పింది నిలబడుతుంది. 2025లో పెట్టిన అడ్డు కొత్త విధానానికే. పాత విధానంలో షేర్ల దీర్ఘకాల లాభానికి రిబేటు లేదని 112ఏలో విడిగా రాశారు, క్రిప్టో సెక్షన్లో అలాంటి వాక్యం లేదు. అయినా మా ఆఫీసులో ఇద్దరు ఆడిటర్లకి రెండు మాటలు. ఒకాయన వేసేయమంటారు, ఇంకొకాయన రేపు నోటీసు వస్తే ఈ పిల్లలు ఎక్కడ తిరుగుతారు అంటారు.

ఆమదాలవలస_ప్లాట్‌ఫాం

చట్టంలో లేని అడ్డు మనమెందుకు పెట్టుకోవాలి? మా తమ్ముడి రిటర్ను ప్రాసెస్ అయి కూర్చుంది.

లెక్కల_రమణి

ప్రాసెస్ అయింది అంటే ఇక ఎప్పుడూ అడగరని కాదు. తమ్ముడూ, రెండు విధానాల్లోనూ నింపి పోర్టల్ ఏం చూపిస్తుందో చూడండి, నిర్ణయం మీది. ఒకటి మాత్రం ఖాయం, పాత విధానం కావాలంటే జూలై 31 లోపు రిటర్ను పడాలి. ఆ తేదీ దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

గంటస్తంభం_కుర్రోడు

నింపుదామని ఐటీఆర్-1 తెరిచాను. జీతం అంతా దానంతటదే వచ్చేసింది. క్రిప్టోకి గడే కనబడలేదు. అంటే అక్కర్లేదా?

లెక్కల_రమణి

ఆగండి, సబ్మిట్ కొట్టకండి! ఐటీఆర్-1లో దానికి చోటు లేదు, అందుకే కనబడలేదు. ఐటీఆర్-2 తీయండి. అందులో షెడ్యూల్ వీడీఏ అని ఉంటుంది, మొదట షెడ్యూళ్లు ఎంచుకునే చోట దానికి టిక్ పెట్టాలి. తెరిస్తే ఒక్కో బదిలీకి ఒక్కో వరస.

మీకు రెండు వరసలు. మొదటిది: కొన్న తేదీ ఏప్రిల్, ఇచ్చిన తేదీ అక్టోబర్ 6, క్యాపిటల్ గెయిన్ అని ఎంచుకోండి, కొన్న ధర 60,000, వచ్చిన విలువ 90,000. ఆదాయం 30,000. రెండోది: కొన్నది అక్టోబర్ 6, అమ్మింది డిసెంబర్, కొన్న ధర 89,100, వచ్చింది 55,000. ఆదాయం దగ్గర మైనస్ 34,100 రాయకూడదు, సున్నా. నష్టమైతే సున్నా వేయాలని ఆ గడి మీదే ఉంటుంది.

నష్టం ఎలాగూ లెక్కలోకి రాదు కదా అని రెండో వరస వదిలేస్తారు కొందరు. వదలకండి. ఏఐఎస్‌లో మీకు కనబడిన 1,45,000 అమ్మకాల మొత్తం, ఆదాయం కాదు. ఈ రెండు వరసల్లో వచ్చిన విలువలు కూడితే అదే 1,45,000 రావాలి. అలా సరిపోతే మీకు భయం లేదు. రెండో వరస లేకపోతే 55 వేలు దాచినట్టు కనబడుతుంది.

తర్వాత టీడీఎస్ షెడ్యూల్లోకి వెళ్లి 900, 550 రెండూ వచ్చాయో లేదో చూడండి. అక్కడ ఏ తరహా ఆదాయమో క్యాపిటల్ గెయిన్ అని ఎంచుకోకపోతే ఆ జమ లెక్కలోకి రాదు.

బొబ్బిలి_బాబ్జీ

కొత్త చట్టం వచ్చిందంటున్నారు కదా, 2025 చట్టం. ఈ సెక్షన్లన్నీ పోయినట్టేనా?

లెక్కల_రమణి

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వేసే రిటర్ను 2025-26 ఆదాయానిది కాబట్టి పాత 1961 చట్టమే. కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, 30 శాతం మారలేదు, నష్టం సర్దకూడదన్నది మారలేదు. అదే రోజు నుంచి సంస్థలు మనం చేసే లావాదేవీల వివరాలు డిపార్టుమెంటుకి పంపాలన్న నిబంధన కూడా వచ్చింది. ఇకపై టీడీఎస్ వరస ఒక్కటే ఆధారం కాదు.

సిరిమాను_జాతర

రమణి గారూ, మొన్న మీరు నన్ను ఉద్దేశించి అన్నమాట మనసులో తిరుగుతోంది. నిజం చెబుతాను. 2023-24లో 40 వేల దాకా లాభం వచ్చింది. రిటర్ను వేశాను గానీ ఇది చూపించలేదు. నిన్న రాత్రి ఆ ఏడాది ఏఐఎస్ తీస్తే అన్నీ ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

లెక్కల_రమణి

నోటీసు రాకముందే అడిగారు, అది మంచిది. అప్‌డేటెడ్ రిటర్ను అని ఉంది, ఐటీఆర్-యూ. ఇప్పుడు నాలుగేళ్ల దాకా వేయనిస్తున్నారు, ఆలస్యాన్నిబట్టి అదనం పెరుగుతుంది. మీ 2023-24 ఆదాయానికి ఇప్పుడు రెండో ఏడాది నడుస్తోంది కాబట్టి పన్ను, వడ్డీ కలిపి వచ్చిన మొత్తం మీద ఇంకో 50 శాతం. 40 వేల మీద పన్ను సెస్‌తో 12,480. కోసిన టీడీఎస్ ఉంటే అది తీసి, వడ్డీ కలిపి, దాని మీద సగం. 2027 మార్చి 31 దాటితే 50 కాస్తా 60 అవుతుంది. ఆ తేదీ కోసం ఆగొద్దు, నోటీసు వచ్చి కేసు తెరిస్తే ఇంత తేలిగ్గా ఉండదు.

సిరిమాను_జాతర

సోమవారం మా ఊరి ఆడిటర్ దగ్గరికి వెళ్తాను. ఇంట్లో ఈరోజే చెబుతాను.

పలాస_జీడిపిక్క

సెప్పెయ్ బాబూ. ఆళ్లు తిట్టినా అదో గంట. దాసుకుంటే రోజూ నొప్పే.

గంటస్తంభం_కుర్రోడు

రెండు విధానాల్లోనూ వేసి చూశాను. రెండు రోజులు ఆలోచించి కొత్త విధానంలోనే ఉంచేశాను. ఆమదాలవలస అన్నా, మీ లెక్క తప్పని కాదు. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకునే ఓపిక నాకు లేదు, మా నాన్నకి అసలే కంగారు.

వరసలు కూడితే 1,45,000 సరిగ్గా వచ్చింది. టీడీఎస్ దగ్గర అక్క చెప్పినట్టే ఒకటి ఖాళీగా ఉంది, క్యాపిటల్ గెయిన్ అని పెట్టాక 1,450 జమ కనబడింది. కట్టాల్సింది 7,910. కట్టేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ ఏది పెట్టాలి? 2025-26 కదా?

లెక్కల_రమణి

కాదు! సంపాదించిన ఏడాది 2025-26, అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఇక్కడ తప్పు పెడితే డబ్బు వేరే ఏడాదికి జమైపోతుంది, దాన్ని వెనక్కి తేవడానికి మళ్లీ దరఖాస్తు. రకం దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్, 300. కట్టాక చలాన్ నంబరు రిటర్నులో వచ్చిందో లేదో చూసి అప్పుడు సబ్మిట్ చేయండి. టీడీఎస్ పోను 10 వేల లోపే కాబట్టి ముందే అడ్వాన్సు కట్టలేదన్న వడ్డీ మీకు పడదు. సబ్మిట్ చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై మర్చిపోవద్దు.

రాజాం_జనపనార

ఒక్క అనుమానం మిగిలింది. కొనేటప్పుడు యాప్ తీసుకునే ఫీజు, దాని మీద జీఎస్‌టీ, అవి కొన్న ధరలో కలుపుకోవచ్చా? నావి చిన్న చిన్న లావాదేవీలు నాలుగు వందల పైన ఉన్నాయి, అన్నీ కలిపితే ఫీజే 11 వేలు.

ఆమదాలవలస_ప్లాట్‌ఫాం

కొనడానికి ఇచ్చిన డబ్బే కదా, కలపొచ్చు.

లెక్కల_రమణి

అమ్మేటప్పటి ఫీజు కలపకూడదు, అందులో అనుమానం లేదు. కొనేటప్పటిది కొన్న ధరలో భాగమే అని కొందరు, అది ఖర్చే అని కొందరు. ఏది కొన్న ధర అన్నది సెక్షన్ విడమరచి చెప్పలేదు. మా ఆఫీసులో కలపకుండానే వేస్తున్నాం. మీది 11 వేలు కాబట్టి, కొన్నప్పటి ఫీజు ఎంత, అమ్మినప్పటిది ఎంత, ముందు విడదీసి తెండి. నాలుగు వందల వరసలూ చేత్తో కొట్టకండి, షెడ్యూల్లో సీఎస్‌వీ ఎక్కించే చోటు ఉందేమో చూడండి, లేకపోతే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

గంటస్తంభం_కుర్రోడు

కట్టేశాను. చలాన్ వచ్చింది, వెరిఫై అయింది. నాన్నకి చూపించాను. ఈథర్ అంటే ఏమిటని అడిగారు.